80 మంది కస్టమర్ల సర్వేతో ఎన్‌పీఎస్ ఎలా లెక్కకట్టాలి, దాన్నుంచి ఎంతవరకు చెప్పొచ్చు

కస్టమర్ సాటిస్‌ఫాక్షన్ మీద ఎంబీఏ, బీబీఏ ప్రాజెక్టులు చేసే చాలామంది రిపోర్టుల్లో ఒక వాక్యం కనబడుతుంది: "నెట్ ప్రమోటర్ స్కోర్ +15 వచ్చింది, ఇది సున్నా కంటే ఎక్కువ కాబట్టి కస్టమర్లు సంతృప్తిగా ఉన్నారు." లెక్క సరిగ్గానే ఉండొచ్చు. కానీ ఆ "కాబట్టి" తర్వాత రాసినదానికి ఆధారం లేదు. వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ పట్టుకునేది కూడా అక్కడే. లెక్క రెండు నిమిషాల పని. లెక్కకు ముందు ప్రశ్న ఎలా అడిగారు, లెక్క తర్వాత ఎంతవరకు మాట్లాడొచ్చు అన్నవే అసలు పని.

ఒక ఉదాహరణ పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చేద్దాం. హనుమకొండలో ములుగు రోడ్డు మీద ఒక టూవీలర్ సర్వీస్ సెంటర్ ఉందనుకోండి. ఊళ్లోవాళ్లతో పాటు పరకాల, నర్సంపేట, ములుగు వైపు నుంచి కూడా బండ్లు వస్తాయి. మీ అసైన్‌మెంట్ ఆ సెంటర్ కస్టమర్ల సంతృప్తి మీద. అంకెలన్నీ ఉదాహరణ కోసం వేసుకున్నవే. మీ దగ్గర మీ సొంత అంకెలు ఉంటాయి.

ముందు ప్రశ్న సరిగ్గా పెట్టండి

నెట్ ప్రమోటర్ స్కోర్‌నే పొట్టిగా ఎన్‌పీఎస్ అంటారు. దీన్ని 2003లో ఫ్రెడ్ రైక్‌హెల్డ్ హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ప్రతిపాదించాడు. దాని ప్రశ్న ఒక్కటే: ఈ సంస్థ గురించి మీ స్నేహితులకో, తోటివాళ్లకో చెప్పి, అక్కడికి వెళ్లమనే అవకాశం ఎంత? జవాబు 0 నుంచి 10 వరకు. "సర్వీస్‌తో మీరు ఎంత సంతృప్తిగా ఉన్నారు" అని అడిగి, దానికి వచ్చిన అంకెలతో ఎన్‌పీఎస్ కట్టడం పొరపాటు. సంతృప్తి వేరు, నలుగురికి చెప్పడం వేరు. మీ టాపిక్ సంతృప్తి కాబట్టి ఆ ప్రశ్న కూడా పెట్టండి, కానీ వేరుగా పెట్టండి. రెంటినీ కలపకండి.

ఫారంలో ఇలా రాస్తే సరిపోతుంది: "మీ చుట్టాలకో, దోస్తులకో బండి సర్వీసింగ్‌కు ఈ సెంటర్‌కే వెళ్లమని మీరు చెప్పే అవకాశం ఎంత? 0 అంటే అస్సలు చెప్పను, 10 అంటే తప్పకుండా చెప్తాను." దీని కిందే ఇంకో ప్రశ్న: "ఈ అంకె ఎందుకు ఇచ్చారు?" ఈ రెండో ప్రశ్న లేకుండా సర్వే మొదలుపెట్టకండి. చివర్లో మీరు ఇచ్చే సలహాలన్నీ దాన్నుంచే రావాలి.

గూగుల్ ఫామ్స్ వాడేవాళ్లు ఒకటి చూసుకోవాలి. లీనియర్ స్కేల్ పెట్టగానే అది 1 నుంచి 5 వరకు చూపిస్తుంది. కింది అంకెను 0కి, పై అంకెను 10కి మీరే మార్చాలి. 1 నుంచి 10 అని వదిలేసిన ఫారాలు చాలానే కనబడతాయి. 1 నుంచి 5 స్కేల్ మీద తీసుకున్న జవాబుల్ని తర్వాత రెండుతో గుణించి ఎన్‌పీఎస్ చేయడం అసలు కుదరదు. స్కేల్ మారితే మనుషులు అంకె ఎంచుకునే పద్ధతే మారిపోతుంది.

ఎవరు అడుగుతున్నారు, ఎక్కడ అడుగుతున్నారు అన్నది కూడా జవాబును మారుస్తుంది. సర్వీస్ అడ్వైజర్ పక్కన నిలబడి ఉండగా "ఎంత ఇస్తరన్నా?" అని అడిగితే మన దగ్గర ఎవరూ మొహం మీద మూడో నాలుగో అనరు. "మంచిగనే ఉన్నది, పది రాసుకో" అని బండి కిక్ కొట్టి వెళ్లిపోతారు. దానికి తోడు బండి ఇచ్చేటప్పుడే "కంపెనీ నుంచి ఫోనొస్తది, పది ఇయ్యండి సార్" అని చెప్పి పంపే అలవాటు చాలా సర్వీస్ సెంటర్లలో ఉంది. అందుకని ఫారం వాళ్ల చేతికే ఇచ్చి గేటు బయట నింపించుకోండి. లేదా సెంటర్ వాళ్ల అనుమతితో ఒకట్రెండు రోజుల తర్వాత వాట్సాప్‌లో లింకు పంపండి. పద్ధతి ఏదైనా అందరికీ ఒకటే ఉండాలి, అదేమిటో రిపోర్టులో రాయాలి. సగం మందిని ఎదురుగా అడిగి, సగం మందికి లింకు పంపితే, తర్వాత కనబడే తేడా సర్వీస్‌దో, అడిగిన పద్ధతిదో తేల్చలేరు.

వారం ఎంచుకోవడంలోనూ జాగ్రత్త. దసరాకు ముందు వారం వరంగల్‌లో ఏ సర్వీస్ సెంటర్ చూసినా బండ్లు రోడ్డు దాకా నిలబడి ఉంటాయి. పూజకు బండి రెడీగా ఉండాలని అందరూ ఒకేసారి వస్తారు, డెలివరీ ఆలస్యమవుతుంది, స్కోరు పడిపోతుంది. ఆ వారం తీసిన స్కోరు ఆ వారానిదే. సంవత్సరమంతా అలాగే ఉంటుందని రాయకూడదు.

లెక్క

84 ఫారాలు వచ్చాయి. నాలుగింటిలో ఆ ప్రశ్న ఖాళీగా ఉంది. ఖాళీ అంటే సున్నా కాదు, జవాబు లేదని అర్థం. ఆ నాలుగు పక్కన పెడితే 80 జవాబులు మిగిలాయి. అవి ఇలా ఉన్నాయి:

10 ఇచ్చినవాళ్లు 18 మంది, 9 ఇచ్చినవాళ్లు 14. కలిపి 32 మంది. వీళ్లు ప్రమోటర్లు.

8 ఇచ్చినవాళ్లు 17 మంది, 7 ఇచ్చినవాళ్లు 11. కలిపి 28 మంది. వీళ్లు పాసివ్‌లు.

6 ఇచ్చినవాళ్లు 8 మంది, 5 ఇచ్చినవాళ్లు 6, నాలుగు ఇద్దరు, మూడు ఇద్దరు, సున్నా ఇద్దరు. కలిపి 20 మంది. వీళ్లు డిట్రాక్టర్లు.

ప్రమోటర్లు 80లో 32, అంటే 40 శాతం. డిట్రాక్టర్లు 80లో 20, అంటే 25 శాతం. నలభైలోంచి ఇరవై ఐదు తీసేస్తే +15. అదే ఎన్‌పీఎస్. ఇది −100 నుంచి +100 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. శాతాల మధ్య తేడానే తప్ప ఇదేమీ శాతం కాదు. అందుకే "15%" అని కాకుండా "+15" అని రాయండి. "15 శాతం మంది కస్టమర్లు సంతృప్తిగా ఉన్నారు" అని రాస్తే అది పూర్తిగా తప్పు.

ఎక్సెల్‌లో గానీ గూగుల్ షీట్స్‌లో గానీ జవాబులు C కాలమ్‌లో ఉంటే:

```
=COUNT(C2:C85)
=COUNTIF(C2:C85,">=9")
=COUNTIF(C2:C85,"<=6")
=100*(COUNTIF(C2:C85,">=9")-COUNTIF(C2:C85,"<=6"))/COUNT(C2:C85)
```

మొదటి ఫార్ములా 80 చూపించాలి. తక్కువ చూపిస్తే కొన్ని అంకెలు టెక్స్ట్‌గా పడ్డాయని అర్థం. పేపర్ ఫారాల నుంచి టైప్ చేసినప్పుడు ఇలా జరుగుతుంటుంది. 80కి బదులు 84 చూపిస్తే ఖాళీల్లో ఎవరో సున్నాలు కొట్టారు. అప్పుడు ఆ నలుగురూ డిట్రాక్టర్లలో చేరిపోతారు, +15 కాస్తా +9.5కి పడిపోతుంది. ఒక్క డేటా ఎంట్రీ అలవాటుతో ఐదు పాయింట్లు పోయినట్టే.

ఇంకో పొరపాటు పాసివ్‌లను మొత్తంలోంచి తీసేయడం. "వాళ్లు లెక్కలోకి రారు కదా" అని 32, 20 కలిపి 52తో భాగిస్తే స్కోరు +23 వస్తుంది. తీసివేతలో పాసివ్‌లు కనబడరు గానీ, భాగించే 80లో వాళ్లూ ఉంటారు. పాసివ్‌లు పెరిగేకొద్దీ స్కోరు సున్నా వైపు జరగడానికి కారణం ఇదే.

+15 అంటే ఏమిటి, ఏమి కాదు

ముందుగా, స్కోరును ఒంటరిగా రాయకండి. 40 శాతం ప్రమోటర్లు, 25 శాతం డిట్రాక్టర్లు ఉన్నా +15. 15 శాతం ప్రమోటర్లు ఉండి, డిట్రాక్టరు ఒక్కరూ లేకుండా, మిగతా 85 శాతం ఏడూ ఎనిమిదీ ఇచ్చినా +15. మొదటి సెంటర్‌లో ప్రతి నలుగురిలో ఒకరు మంచిగా చెప్పే స్థితిలో లేరు. రెండోదాంట్లో కోపం ఉన్నవాళ్లే లేరు. ఈ రెండు సెంటర్లకూ ఒకే సలహా ఇవ్వలేం కదా. అందుకే 40, 35, 25 అనే మూడు శాతాలూ స్కోరు పక్కనే ఉండాలి.

తర్వాతది మార్జిన్ ఆఫ్ ఎర్రర్. స్టూడెంట్ రిపోర్టుల్లో దాదాపు ఎప్పుడూ ఉండనిది, ఉంటే రిపోర్టు విలువే మారిపోయేది ఇదే. మీరు అడిగింది 80 మందిని. ఇంకో 80 మందిని అడిగి ఉంటే సరిగ్గా +15 వచ్చేది కాదు. ఎంత అటూ ఇటూ అవ్వొచ్చో ఈ ఫార్ములా చెబుతుంది. B1లో ప్రమోటర్ల వాటా 0.40, B2లో డిట్రాక్టర్ల వాటా 0.25, B3లో 80 వేయండి:

```
=100*1.96*SQRT((B1+B2-(B1-B2)^2)/B3)
```

జవాబు 17.4 వస్తుంది. చేతితో చేసి చూసుకోవాలంటే: రెండు వాటాలు కలిపితే 0.65. వాటి తేడా 0.15, దాని వర్గం 0.0225. తీసేస్తే 0.6275. దాన్ని 80తో భాగించి వర్గమూలం తీస్తే దాదాపు 0.0886. దాన్ని 1.96తో గుణించి, వందతో హెచ్చిస్తే 17.4.

అంటే 95 శాతం నమ్మకంతో చెప్పగలిగింది ఇంతే: అసలు స్కోరు −2 నుంచి +32 మధ్య ఎక్కడో ఉండొచ్చు. సున్నా కూడా ఆ పరిధిలోనే ఉంది. కాబట్టి మొత్తం కస్టమర్లలో ప్రమోటర్లే ఎక్కువ అని కూడా ఈ 80 మందితో గట్టిగా చెప్పలేం. ఇలా రాస్తే మార్కులు తగ్గుతాయేమోనని చాలామందికి టెన్షన్. నిజానికి ఎగ్జామినర్ అడగబోయే ప్రశ్నకు మీరు ముందే జవాబు రాసినట్టు అవుతుంది. "మరి ఎంతమందిని అడగాల్సింది?" అని వైవాలో అడిగితే దానికీ జవాబు ఉంది. జవాబులు ఇదే తీరులో ఉంటే, మార్జిన్‌ను 10కి తేవడానికి దాదాపు 240 మంది కావాలి. మార్జిన్ సగం కావాలంటే శాంపిల్ నాలుగింతలు కావాలి.

ఈ లెక్క వెనుక ఒక షరతు కూడా ఉంది. శాంపిల్ ఎలా పడితే అలా కాకుండా, కస్టమర్లందరి నుంచి లాటరీ పద్ధతిలో తీసుకున్నదై ఉండాలి. గేటు దగ్గర దొరికినవాళ్లను అడిగితే అది కన్వీనియన్స్ శాంపిల్. అప్పుడు అసలు అనిశ్చితి 17 కంటే ఎక్కువే. అన్నింటికంటే ముఖ్యంగా, విసిగిపోయి బయటి మెకానిక్ దగ్గరికి మారిన కస్టమర్ మీ గేటు దగ్గర ఉండడు. అతని సున్నా మీ షీట్‌లోకి రాదు. ఈ రెండు విషయాలూ లిమిటేషన్స్‌లో రాయండి.

ఇక మన దగ్గర ప్రత్యేకంగా చూడాల్సింది 6. మనం మార్కుల మధ్య పెరిగినవాళ్లం. నూటికి అరవై అంటే ఫస్ట్ క్లాస్, ముప్పై ఐదు దాటితే పాస్. అందుకే "ఫర్వాలేదు, మంచిగనే చేస్తరు" అనే ఉద్దేశంతో 6 వేసేవాళ్లు ఉంటారు. పద్ధతి ప్రకారం వాళ్లు డిట్రాక్టర్లే. మీ ఇష్టం వచ్చినట్టు హద్దు మార్చి 6ను పాసివ్‌లలో కలపకండి. అప్పుడది ఎన్‌పీఎస్ కాకుండా పోతుంది. కానీ ఆ హద్దు మీద స్కోరు ఎంత ఆధారపడి ఉందో చూపించొచ్చు. మన 20 మంది డిట్రాక్టర్లలో 8 మంది ఇచ్చింది 6. ఆ ఎనిమిది మందీ ఇంకొక్క అంకె ఎక్కువ వేసి ఉంటే స్కోరు +25 అయ్యేది. ఇది ఒక వాక్యంలో రాసి, ఆ ఎనిమిది మంది రాసిన కారణాలు విడిగా చదవండి. కారణంలో ఫిర్యాదు ఉంటే అతను నిజంగానే అసంతృప్తితో ఉన్నాడు. "అంతా బాగుంది" అని రాసి 6 వేస్తే అది అంకెల అలవాటు.

ఇంటర్నెట్‌లో దొరికే "50 దాటితే అద్భుతం, 30 దాటితే మంచిది" లాంటి పట్టికలతో పోల్చకండి. ఇంకో దేశంలో, ఇంకో వ్యాపారంలో, ఇంకో పద్ధతిలో అడిగిన అంకెలవి. పోలిక కావాలంటే ఇదే సెంటర్ కస్టమర్లలోనే గ్రూపుల మధ్య చూడండి.

గ్రూపులుగా విడగొట్టడం

మొత్తం స్కోరు గట్టిగా ఏమీ చెప్పకపోయినా, సరైన చోట విడగొడితే విషయం బయటపడొచ్చు. సర్వీస్ సెంటర్‌లో సహజంగా ఉండే విభజన ఫ్రీ సర్వీస్, పెయిడ్ సర్వీస్. కొత్త బండికి మొదటి కొన్ని సర్వీసులకు లేబర్ ఛార్జి ఉండదు. ఆ తర్వాత ప్రతిదానికీ బిల్లే. ఈ విభజన ఎందుకు చేస్తున్నారో సర్వేకు ముందే ప్రపోజల్‌లో రాసుకోండి. డేటా చేతికొచ్చాక వయసు, ఊరు, బండి మోడల్ అంటూ పది రకాలుగా కోసి, తేడా వచ్చిన ఒక్కదాన్ని చూపిస్తే, ఆ తేడా యాదృచ్ఛికంగా వచ్చింది కూడా కావొచ్చు.

మన ఉదాహరణలో ఫ్రీ సర్వీస్ వాళ్లు 44 మంది. అందులో 22 మంది ప్రమోటర్లు, 7 మంది డిట్రాక్టర్లు. స్కోరు +34. పెయిడ్ సర్వీస్ వాళ్లు 36 మంది. ప్రమోటర్లు 10, డిట్రాక్టర్లు 13. స్కోరు −8. తేడా 42 పాయింట్లు. పై ఫార్ములాతో మొదటి గ్రూపుకు మార్జిన్ దాదాపు 22, రెండోదానికి 26 వస్తాయి. తేడాకు మార్జిన్ కావాలంటే ఈ రెంటినీ నేరుగా కలపకూడదు. ఒక్కోదాన్ని వర్గం చేసి, కలిపి, వర్గమూలం తీయాలి. దాదాపు 34 వస్తుంది. అంటే అసలు తేడా 8 నుంచి 76 మధ్య ఉండొచ్చు. ఎంత తేడా అన్నది స్పష్టంగా లేదు, కానీ తేడా ఉందన్నది మాత్రం కనబడుతోంది, ఎందుకంటే సున్నా ఆ పరిధిలో లేదు.

ఇప్పుడు రెండో ప్రశ్న జవాబులు తెరవండి. డిట్రాక్టర్లు రాసినవి ఒక్కొక్కటీ చదివి, ఒక్కోదానికి ఒక కారణం పేరు పెట్టండి. "సాయంత్రం ఐదింటికి ఇస్తమని ఏడున్నరకిచ్చిన్రు, పరకాల బస్సు పోయింది" అనేది ఆలస్యం కింద. "చెప్పకుండ పార్టులు మార్చిన్రు, ఎనిమిది వందలంటే పదమూడు వందలైంది" అనేది బిల్లు కింద. "చైన్ సౌండ్ మళ్ల వస్తనే ఉన్నది" అనేది రిపేరు సరిగా కాకపోవడం కింద. మొత్తం 20 మందిలో ఆలస్యం 9, బిల్లు 5, రిపేరు 4, ఇద్దరు ఏమీ రాయలేదు. పెయిడ్ గ్రూపులోని 13 మందిని మాత్రమే చూస్తే ఆలస్యం 7, బిల్లు 5, రిపేరు 1. బిల్లు ఫిర్యాదులన్నీ అక్కడే ఉన్నాయి, సహజంగానే. ఆలస్యం మీదవీ ఎక్కువ అక్కడే. దీనికి వర్క్‌షాప్‌లో ఫ్రీ సర్వీస్ బండ్లను ముందు తీస్తున్నారా, లేక పాత బండికి పని ఎక్కువ ఉండి టైం పడుతోందా అన్నది సర్వే చెప్పదు. జాబ్ కార్డులు చూస్తే తెలుస్తుంది. ఇచ్చిన టైం, నిజంగా డెలివరీ చేసిన టైం రెండూ కార్డు మీద రాసి ఉంటే, ఒక నెల కార్డులు అడిగి తీసుకోండి. 7, 8 ఇచ్చిన పాసివ్‌ల కారణాలు కూడా వదలకండి. వాళ్లూ ఆలస్యం గురించే రాసి ఉంటే మీ సలహాకు బలం పెరుగుతుంది.

ఫైండింగ్స్‌లో రాయాల్సిన పేరా ఇలా ఉంటే చాలు: "80 మంది జవాబుల ప్రకారం ఎన్‌పీఎస్ +15 (ప్రమోటర్లు 40, పాసివ్‌లు 35, డిట్రాక్టర్లు 25 శాతం). 95 శాతం పరిధి −2 నుంచి +32. ఫ్రీ సర్వీస్ కస్టమర్లలో +34, పెయిడ్ సర్వీస్ కస్టమర్లలో −8. పెయిడ్ గ్రూపులోని 13 మంది డిట్రాక్టర్లలో 7 మంది చెప్పిన టైంకు బండి ఇవ్వకపోవడాన్ని, 5 మంది బిల్లు అంచనా దాటడాన్ని కారణంగా చెప్పారు. శాంపిల్ సెంటర్‌కు వస్తున్న కస్టమర్ల నుంచే తీసుకున్నది, మానేసినవాళ్లు ఇందులో లేరు." సజెషన్స్‌లో రెండే రాయండి: అంచనా దాటితే పార్టు మార్చేముందు ఫోన్ చేయడం, జాబ్ కార్డు మీద రాసిన టైం దాటేలా ఉంటే మధ్యాహ్నమే కస్టమర్‌కు చెప్పడం.

సెంటర్ వాళ్లు ఈ రెండూ మొదలుపెట్టాక, మూడు నెలలకు మీరో మీ జూనియర్లో మళ్లీ సర్వే చేయొచ్చు. అప్పుడు మళ్లీ 80 మందిని అడిగి +25 వచ్చిందనుకోండి. పది పాయింట్లు పెరిగిందని సంతోషపడి రాయకండి. రెండుసార్లూ 80 మందే అయితే, తేడా దాదాపు 25 పాయింట్లు దాటితేనే నిజంగా మార్పు వచ్చిందని చెప్పగలం. అందుకని రెండో రౌండ్‌లో స్కోరుతో పాటు "చెప్పిన టైంకు బండి ఇచ్చారా, లేదా" అని సూటిగా అడగండి. మొదటి రౌండ్ ఫారంలోనే ఈ ప్రశ్న పెట్టి ఉంచితే పోల్చడానికి వీలవుతుంది. జవాబుల్ని ఆ నెల జాబ్ కార్డుల్లోని టైంతో కూడా సరిచూడండి.